అక్షరం చెదరకుండా వీడియో బరువు తగ్గించడం

"సార్, నిన్నటి వీడియోలో మూడో లైను ఎక్స్ స్క్వేరా, క్యూబా?"

ఈ మెసేజీ చూసి మొదట నవ్వుకున్నాను. క్లాసులో కునుకు తీసి ఇప్పుడు అడుగుతున్నాడులే అనుకున్నాను. తీరా వీడియో తెరిచి చూస్తే తప్పు నాదే. తెల్లబోర్డు మీద నీలం మార్కరుతో రాసిన ఆ చిన్న అంకె ఫోన్ తెర మీద మరకలా ఉంది. అది రెండో మూడో రాసిన నాకే తెలియలేదు. గంట లెక్చర్ ఫైలు మరీ పెద్దగా ఉందని ముందురోజు రాత్రి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో `-crf 32` అని కొట్టి కుదించాను. పైగా డిస్కులో చోటు కలిసొస్తుందని అసలు ఫైలు చెరిపేశాను.

నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. అదే వీడియోలో ముప్పావు గంటసేపు నడిచిన స్లైడ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. స్లైడు అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. ఒకే ఫైలు, ఒకే కమాండు, ఒకే అంకె. స్లైడును వదిలేసి బోర్డును మాత్రం ఎందుకు మింగింది? ఇది అర్థమైతే లెక్చర్ వీడియోకి ఏ అంకె పెట్టాలో దాదాపు తేలిపోతుంది.

ప్లేటు మీల్సు, ఫుల్ మీల్సు

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఫ్రాన్సుకు చెందిన ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టాడు. దీనికి బటన్లూ మెనూలూ ఉండవు, కమాండు టైపు చేసి పని చేయించుకోవాలి. వీడియోను కుదించే పని అది సాధారణంగా ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌కు అప్పగిస్తుంది. కమాండులో దాని పేరు `libx264`.

ఎన్‌కోడర్‌కు పని చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి బిట్‌రేట్ చెప్పడం, అంటే సెకనుకు ఇంత డేటా వాడు అనడం. హోటల్లో ప్లేటు మీల్సు లాంటిదిది. ఆకలి ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే కొలత. కదలని స్లైడుకూ, కెమెరా ముందు మాస్టారు అటూ ఇటూ నడిచే బోర్డుకూ ఒకే వాటా పడుతుంది. స్లైడు దగ్గర వృథా, బోర్డు దగ్గర కొరత.

రెండోది నాణ్యత చెప్పడం. ఇది ఫుల్ మీల్సు. ఎవరికి ఎంత కావాలో అంత వడ్డిస్తారు, చివర్లో ఎంత ఖర్చయిందో చూసుకుంటారు. ఎంత కడుపు నిండితే చాలో చెప్పే అంకె పేరే కాన్‌స్టంట్ రేట్ ఫ్యాక్టర్, పొట్టిగా సీఆర్ఎఫ్. ఎక్స్264లో ఇది 0 నుంచి 51 దాకా ఉంటుంది. అంకె పెరిగితే ఫైలు చిన్నదవుతుంది, నాణ్యత తగ్గుతుంది. మనం ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. 17, 18 దగ్గర అసలుకీ నకలుకీ తేడా కంటికి దాదాపు దొరకదు. 0 పెడితే ఏ నష్టమూ ఉండదు గానీ ఫైలు కొండంత అవుతుంది.

ఆరు పెరిగితే సగం

ఈ అంకె లోపల ఏం చేస్తుందో ఒక్క పోలికతో చెప్పవచ్చు. కిరాణా కొట్టులో లెక్క రూ.347.60 వచ్చిందనుకోండి. రూపాయికి సరిచేస్తే 348. పదికి సరిచేస్తే 350. యాభైకి సరిచేసినా ఇక్కడ 350 అవుతుంది, కానీ పక్కవాడి 329 కూడా 350 అయిపోతుంది. ఇద్దరి మధ్య ఉన్న తేడా మాయమైంది. ఎన్‌కోడర్ కూడా బొమ్మను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలోని వెలుగునీడల తేడాలను అంకెలుగా మార్చి, ఇలాగే సరిచేస్తుంది. ఎంత మోటుగా సరిచేస్తే అంత తక్కువ డేటా.

హెచ్.264 ప్రమాణంలో ఈ సరిచేసే మెట్టు అంకె ఆరు పెరిగినప్పుడల్లా రెట్టింపవుతుంది. అందుకే సీఆర్ఎఫ్‌ను ఆరు పెంచితే ఫైలు సుమారుగా సగమవుతుంది, ఆరు తగ్గిస్తే రెట్టింపవుతుంది. మూడు పెంచితే పదింట ఏడు వంతులు మిగులుతుంది. ఉజ్జాయింపు లెక్కే అయినా ప్రయోగాలు చేసేటప్పుడు బాగా పనికొస్తుంది.

స్లైడు ఎందుకు బతికింది?

సీఆర్ఎఫ్ 32 అంటే ప్రతి గడినీ 32వ మెట్టులోనే సరిచేయమని కాదు. అది ఒక మధ్యస్థమైన గురి. ఎక్కడ చేయి బిగించాలో, ఎక్కడ వదులు చేయాలో ఎన్‌కోడర్ చూసుకుంటుంది. 2009లో ఎక్స్264లో చేరిన ఎంబీ-ట్రీ అనే ఏర్పాటు ముందున్న కొన్ని పదుల ఫ్రేములను తొంగిచూస్తుంది. ఈ గడిని తర్వాతి ఫ్రేములు ఎన్నిసార్లు అరువు తెచ్చుకుంటాయి అని లెక్కేస్తుంది. స్లైడు కదలదు కాబట్టి మొదటి ఫ్రేములో ఉన్న అక్షరాన్నే తర్వాతి ఫ్రేములన్నీ వాడుకుంటాయి. అలాంటప్పుడు ఆ ఒక్కదాన్ని శ్రద్ధగా రాస్తే ఖర్చు ఒకసారే, లాభం వందలసార్లు. అందుకే దానికి మనం చెప్పిన అంకెకన్నా చాలా మెరుగైన మెట్టు వాడుతుంది.

దీన్ని మీ తెర మీదే చూడొచ్చు. పని పూర్తయ్యాక ఎక్స్264 కొన్ని లైన్లు రాస్తుంది. అందులో `frame I` అని ఉన్న లైనులో `Avg QP` చూడండి. స్లైడ్ల వీడియో అయితే అక్కడ మీరిచ్చిన సీఆర్ఎఫ్‌కన్నా బాగా తక్కువ అంకె కనిపిస్తుంది.

బోర్డు సంగతి అలా కాదు. గదిలో వెలుతురు చాలనప్పుడు కెమెరా ప్రతి ఫ్రేములోనూ కొత్త ఇసుక చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు పుట్టిస్తుంది. దాన్నే నాయిజ్ అంటారు. మన కంటికి బోర్డు కదలడం లేదు, ఎన్‌కోడర్‌కు మాత్రం ప్రతి ఫ్రేమూ కొత్తదే. అరువు తెచ్చుకోవడం కుదరదు, కాబట్టి ఎంబీ-ట్రీ దయ చూపదు. పైగా పలుచని మార్కరు గీత కూడా ఆ చుక్కల్లాగే చిన్న తేడానే. మోటుగా సరిచేస్తే 347, 329 ఒకటైనట్టు చుక్కా గీతా కలిసిపోతాయి. నా ఎక్స్ క్యూబ్ అలాగే పోయింది.

మూడు నిమిషాల పరీక్ష

కాబట్టి ఎవరో ఇచ్చిన పట్టిక చూసి అంకె పెట్టకూడదు, మీ లెక్చర్‌లో అతి కష్టమైన నిమిషాన్ని చూసి పెట్టాలి. వీడియోలో మూడు చోట్లు ఎంచుకోండి. అక్షరాలు కిక్కిరిసిన స్లైడు ఒకటి, కెమెరా కింద బోర్డు మీద రాస్తున్న చోటు ఒకటి, ఏదైనా కదిలే బొమ్మో పైకి జరిగే పేజీయో ఉన్న చోటు ఒకటి. ఒక్కో చోట ఒక్క నిమిషం చాలు. బోర్డు పన్నెండో నిమిషంలో ఉందనుకుంటే కమాండు ఇది:

```
ffmpeg -ss 00:12:00 -i lecture.mp4 -t 60 -an -c:v libx264 -preset slow -crf 23 t23.mp4
```

`-an` అంటే ఆడియో వద్దని. `-preset slow` అంటే తీరిగ్గా ఆలోచించి కుదించమని. ప్రీసెట్ మారితే ఒకే సీఆర్ఎఫ్‌కు ఫైలు సైజూ నాణ్యతా కాస్త మారతాయి కనుక, పరీక్షలో ఏది వాడితే చివరి పనిలోనూ అదే వాడండి. తర్వాత 23 బదులు 20, 26, 29 పెట్టి మళ్ళీ నడపండి. అవుట్‌పుట్ ఫైలు పేరు కూడా మార్చడం మరిచిపోవద్దు. ఆపైన ఒక్కో దాన్నుంచీ ఒకే క్షణంలోని బొమ్మ తీయండి:

```
ffmpeg -ss 20 -i t23.mp4 -frames:v 1 t23.png
ffmpeg -ss 00:12:20 -i lecture.mp4 -frames:v 1 asalu.png
```

బొమ్మలను పక్కపక్కన పెట్టకండి. కన్ను అటూ ఇటూ తిరిగేలోపు తేడా మరిచిపోతుంది. ఒకే కిటికీలో అసలు సైజులో తెరిచి, బాణం మీటతో ఒకదాని మీదుగా ఇంకొకటి మార్చి చూడండి. తేడా ఉంటే ఎక్కడ ఉందో అక్కడ బొమ్మ ఉలిక్కిపడుతుంది.

చూడాల్సినవి కొన్నే. తెలుగు రాసిన చోటైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలుస్తోందా, అక్షరం కింది ఒత్తులు విడిగా నిలిచాయా? లెక్కల్లో అయితే ఘాతాలు, దశాంశ బిందువు, మైనస్ గుర్తు. గోడ మీద నీడ పడిన చోట చదరపు మచ్చలు పుట్టాయా? తర్వాత వీడియోను నడిపి, రాస్తున్న చేతి వెనకాల గీత కాసేపు అలుక్కుపోయి తర్వాత తేరుకుంటోందా చూడండి. ఇవన్నీ లెక్చర్ చూసేవాళ్ళు వాడే పరికరంలోనే చూడాలి. చేతిలో ఫోనుకు చాలిన నాణ్యత ప్రొజెక్టర్ మీద చాలకపోవచ్చు.

ఒక లెక్క

ఇప్పుడు ఒక గంట రికార్డింగు తీసుకుందాం. 1920×1080, సెకనుకు 30 ఫ్రేములు, వీడియో బిట్‌రేట్ 6000 కిలోబిట్లు. సెకనుకు 6000 కిలోబిట్లంటే గంటకు 2.7 జీబీ. అందులో 45 నిమిషాలు స్లైడ్లు, 15 నిమిషాలు బోర్డు. సీఆర్ఎఫ్ 23 దగ్గర స్లైడు నిమిషం 1.5 ఎంబీ, బోర్డు నిమిషం 16 ఎంబీ వచ్చాయనుకుందాం. మీ దగ్గర అంకెలు వేరే వస్తాయి, లెక్క తీరు ఇదే.

స్లైడ్లకు 45 నిమిషాలూ కలిపి సుమారు 68 ఎంబీ. బోర్డుకు 15 నిమిషాలకే 240 ఎంబీ. మొత్తం 308. అంటే 2.7 జీబీలో తొమ్మిదో వంతు, ఇంకా మామూలు 23 దగ్గరే ఉన్నాం. ఇక్కడి నుంచి 26కి వెళ్తే పదింట ఏడు వంతుల లెక్కన స్లైడ్లు 47, బోర్డు 168, మొత్తం 215. ఆదా అయిన 93 ఎంబీలో స్లైడ్ల వాటా ఇరవయ్యే.

ఈ లెక్క చెప్పేదొక్కటే. స్లైడు దగ్గర పిసినారితనం చేసి లాభం లేదు, అక్కడ తినడానికే పెద్దగా ఏమీ లేదు. అంకె పెంచడమంటే బోర్డు నాణ్యతను అమ్ముకోవడమే. బోర్డు నిమిషం 26 దగ్గర చదవగలిగేట్టు ఉంటే 26కి వెళ్ళండి. 29 దగ్గర మైనస్ గుర్తు అనుమానంగా ఉంటే అక్కడితో ఆగిపోండి. అసలు బోర్డే లేని, ఒట్టి స్లైడ్ల రికార్డింగయితే 28 దాకా కూడా అక్షరం చెదరకపోవచ్చు, కానీ మిగిలేది కొద్ది ఎంబీలే.

బోర్డు భాగం మరీ తినేస్తుంటే అంకె పెంచే ముందు నాయిజ్ సంగతి చూడండి. కమాండులో `-vf hqdn3d=1.5:1.5:4:4` చేర్చితే చుక్కలు కొంత సద్దుమణుగుతాయి, అదే సీఆర్ఎఫ్‌కు ఫైలు తగ్గుతుంది. మొదటి అంకె ఎక్కువైతే సుద్దముక్క గీతలు పలచబడతాయి, మూడో అంకె ఎక్కువైతే కదిలే చేతి వెనక నీడ తోక కనిపిస్తుంది. అందుకే దీన్నీ ఆ ఒక్క నిమిషం మీదే పరీక్షించాలి. రికార్డు చేసే ముందే బోర్డు మీదికి ఒక ట్యూబ్‌లైట్ వేస్తే ఈ ఫిల్టరు అవసరమే తగ్గుతుంది.

అంకె ముట్టుకోకుండా మిగిలేవి

లెక్చర్ వీడియోలో సీఆర్ఎఫ్‌తో పనిలేని ఆదాలు రెండున్నాయి. ఒకటి కీఫ్రేములు. వీడియో ముందుకూ వెనక్కూ జరపడానికి వీలుగా ఎన్‌కోడర్ అప్పుడప్పుడూ పూర్తి బొమ్మను మళ్ళీ మొదటినుంచి రాస్తుంది. మామూలుగా ఎక్కువలో ఎక్కువ 250 ఫ్రేములకు ఒకటి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఇది ఎనిమిది సెకన్లు దాటీ దాటకుండానే. గంటకు 432 అవుతాయి. స్లైడు కదలకపోయినా మళ్ళీ రాయడమే. ఒక్కోటి 150 కేబీ అనుకుంటే ఇవే 65 ఎంబీ. `-g 600` అని చెబితే 20 సెకన్లకు ఒకటి పడుతుంది, 180తో 27 ఎంబీలో సరిపోతుంది. బదులుగా వీడియోను జరిపినప్పుడు తేరుకోవడం కాస్త ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి, సీఆర్ఎఫ్ బాగా పెంచినప్పుడు కదలని స్లైడు ఎనిమిది సెకన్లకోసారి గుండె కొట్టుకున్నట్టు అదరడం కనిపిస్తే కారణం ఈ కీఫ్రేములే. కొత్తగా రాసిన బొమ్మ పాతదానికి అచ్చు గుద్దినట్టు ఉండదు మరి.

రెండోది ఆడియో. వీడియో ఇంతగా తగ్గాక ఆడియో వాటా పెద్దదిగా కనిపిస్తుంది. 160 కిలోబిట్ల స్టీరియో గంటకు 72 ఎంబీ. ఒక మనిషి మాట్లాడే లెక్చర్‌కు మోనోలో 64 కిలోబిట్లు చాలు, అది 29 ఎంబీ. అన్నీ కలిపితే కమాండు ఇలా తేలుతుంది:

```
ffmpeg -i lecture.mp4 -c:v libx264 -preset slow -crf 24 -g 600 \
 -pix_fmt yuv420p -c:a aac -ac 1 -b:a 64k \
 -movflags +faststart chinna.mp4
```

చివర ఉన్న `+faststart` వీడియో మొత్తం దిగుమతి కాకముందే మొదలయ్యేలా చేస్తుంది. `yuv420p` పాత ఫోన్లు, బ్రౌజర్లలో కూడా ఆడేందుకు. విండోస్‌లో అయితే లైను చివరి గీతలు తీసేసి అంతా ఒకే లైనులో కొట్టాలి.

అంకె పనిచేయని చోట్లు

ఫైలు ముందే బక్కచిక్కి ఉంటే ముట్టుకోకండి. గంట వీడియో 150 ఎంబీయే ఉందంటే సెకనుకు 333 కిలోబిట్లే. ఆన్‌లైన్ మీటింగు రికార్డింగులు ఇలా వస్తుంటాయి. దానికి సీఆర్ఎఫ్ 18 పెడితే, పాత కుదింపు మిగిల్చిన మచ్చలను కూడా ఎన్‌కోడర్ భద్రంగా దాచడానికి చూస్తుంది, ఫైలు అసలుకన్నా పెద్దదవుతుంది. నాణ్యత పెరగదు. ముందు `ffprobe lecture.mp4` అని కొట్టి బిట్‌రేట్ చూసుకోవడం అందుకే.

నల్లని స్లైడు మీద ఎర్రటి సన్నని అక్షరాలు అలుక్కుపోతే సీఆర్ఎఫ్‌ను నిందించకండి. మామూలు వీడియోలో వెలుగు ప్రతి చుక్కకూ ఉంటుంది గానీ రంగు నాలుగు చుక్కలకొక్కటే ఉంటుంది. అంకె ఎంత తగ్గించినా ఇది పోదు. అసలు ఫైలు నుంచి తీసిన బొమ్మలోనూ ఆ మసక ఉంటే కారణం ఇదే. స్లైడులో రంగు మార్చుకోవడమే మందు. అలాగే సైజు తగ్గాలని 1080 నుంచి 480కి దించడం అక్షరాలకు సీఆర్ఎఫ్‌కన్నా పెద్ద దెబ్బ.

ఇక్కడ చెప్పిన అంకెలన్నీ ఎక్స్264వి. ఎక్స్265 మామూలు అంకె 28, ఏవీ1 ఎన్‌కోడర్ల కొలబద్దే వేరు. ఒకదాని అంకె ఇంకోదానికి పెట్టడమంటే సేరు లెక్కను కిలోలో చదవడమే. గ్రాఫిక్ కార్డుతో నడిచే `h264_nvenc` లాంటివైతే `-crf` మాటే వినవు. ఆ ఆప్షన్ వాడలేదని తెర మీద ఒక హెచ్చరిక వేసి తమ పద్ధతిలో పోతాయి. దానికి `-cq` అని వేరే ఉంది.

నేను ఇప్పుడు 23తో మొదలుపెట్టి, బోర్డు నిమిషం ఒప్పుకున్నంత మేరకే పైకి జరుగుతున్నాను. ఎక్కువసార్లు 24, 25 దగ్గర ఆగుతోంది. కుదించిన ఫైలును ఒక విద్యార్థి తన ఫోన్లో చూసి అంకెలన్నీ కనిపిస్తున్నాయని చెప్పేదాకా అసలు ఫైలు చెరపడం లేదు. మీరూ చెరపకండి.

ఇంతకీ అది ఎక్స్ క్యూబే. చెప్పింది నా నోట్సు చూసి, వీడియో చూసి కాదు.